ఉత్కంఠ పోషణలో లాంగ్ టేక్: నిర్ణయానికి ప్రమాణాలు, రిహార్సల్ పద్ధతి

వ్యాససంగ్రహం:

చలనచిత్రంలో ఒక సన్నివేశాన్ని ముక్కలుగా కోయకుండా ఒకే షాట్‌లో నడపడాన్ని లాంగ్ టేక్ అంటారు. నిడివిని బట్టి, నిర్వహణలోని కష్టాన్ని బట్టి దీనిని ప్రశంసించడం సినీ విమర్శలో పరిపాటి. అయితే ఆ నిడివి ఉత్కంఠను పెంచిందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958), ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 'రోప్' (1948), 'నటోరియస్' (1946) చిత్రాలలోని మూడు సన్నివేశాల ఆధారంగా ఈ వ్యాసం మూడు ప్రమాణాలను ప్రతిపాదిస్తుంది. రెండవ భాగంలో, విద్యార్థులతో చేయించిన ఒక రెండున్నర నిమిషాల సన్నివేశం ఆధారంగా రిహార్సల్ పద్ధతిని వివరిస్తుంది.

కీలకపదాలు: లాంగ్ టేక్, కట్, ఉత్కంఠ, హిచ్‌కాక్, ఆర్సన్ వెల్స్, ఆంద్రే బజాఁ, రిహార్సల్.

1. ఉపోద్ఘాతం:

కొన్నేళ్ళ క్రితం ఒక సదస్సులో నేను సమర్పించిన పత్రంలో ఒక చిత్రంలోని సుదీర్ఘమైన షాట్‌ను చాలా మెచ్చుకున్నాను. అది ఎన్ని నిమిషాలు సాగిందో, కెమెరా ఎన్ని గదులు దాటిందో లెక్కలతో సహా చెప్పాను. పత్రం ముగిశాక ఒక విద్యార్థిని లేచి, "ఆ షాట్‌ను నాలుగు ముక్కలు చేసి ఉంటే మనకు భయం తగ్గేదా మేడమ్?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. నేను కొలిచింది శ్రమనే కాని ఫలితాన్ని కాదని అప్పుడు తెలిసింది. ఆ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందుగా పారిభాషిక పదాల విషయంలో ఒక స్పష్టత అవసరం. లాంగ్ షాట్ అంటే దూరం నుంచి తీసిన షాట్. అది స్థలానికి సంబంధించిన మాట. లాంగ్ టేక్ అంటే ఎక్కువసేపు కోత లేకుండా సాగే షాట్. అది కాలానికి సంబంధించిన మాట. మన విద్యార్థుల పత్రాలలో ఈ రెండూ తరచుగా ఒకదానికొకటి మారుతుంటాయి. ఇక 'సింగిల్ టేక్' అన్న మాటకు తెలుగు సినిమా వాడుకలో మరో అర్థం కూడా ఉంది. ఒక నటుడు మొదటి ప్రయత్నంలోనే షాట్‌ను ఓకే చేయించుకుంటే, అతడు సింగిల్ టేక్ ఆర్టిస్టు అంటారు. ఈ వ్యాసంలో చర్చించేది ఆ అర్థాన్ని కాదు. ఇరవై సార్లు తీసినా సరే, తెరమీద కోత లేకుండా కనిపించే షాట్‌నే ఇక్కడ లాంగ్ టేక్ అంటున్నాను.

2. కోత వల్ల పోయేది ఏమిటి?

ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాఁ ఈ విషయంలో ఉపయోగకరమైన ఒక నియమాన్ని సూచించాడు. ఒక సంఘటన సారం రెండు అంశాలు ఏకకాలంలో ఒకేచోట ఉండడంపై ఆధారపడితే, అక్కడ కోత నిషిద్ధమన్నది దాని సారాంశం. ఆయన ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి 'వేర్ నో వల్చర్స్ ఫ్లై' (1951) అనే చిత్రం. అందులో ఒక పిల్లవాడు సింహం కూనను ఎత్తుకొని ఇంటికి బయలుదేరతాడు. తల్లి సింహం అతని వెంట వస్తుంది. మొదట పిల్లవాణ్ణి ఒక షాట్‌లోను, సింహాన్ని మరో షాట్‌లోను చూపినంతసేపు ప్రేక్షకుడు దానిని కథగానే తీసుకుంటాడు. ఆ తర్వాత తల్లిదండ్రులు, పిల్లవాడు, సింహం ఒకే ఫ్రేమ్‌లో కనిపిస్తారు. వారి మధ్య దూరం నిజమైనదని తెలిసిన ఆ క్షణంలో భయం స్వభావమే మారిపోతుంది.

బజాఁ దృష్టి ముఖ్యంగా స్థలం మీద ఉంది. ఉత్కంఠకు కాలం కూడా అంతే ముఖ్యం. కోత ఉన్న సన్నివేశంలో కాలం ఎడిటర్ చేతిలో ఉంటుంది. బాంబు పేలడానికి పది సెకన్లు మిగిలి ఉన్నప్పుడు దానిని నలభై సెకన్లు సాగదీయవచ్చు. ప్రేక్షకుడు ఆ మోసానికి అలవాటు పడ్డాడు. కాబట్టి ఎంత భయపడినా, దర్శకుడు తగిన సమయంలో రక్షిస్తాడన్న ధీమా అతనికి లోలోపల మిగిలే ఉంటుంది. కోత లేకపోతే తెరమీది సెకను, తన కుర్చీలోని సెకను ఒకటే అవుతాయి. ఆ ధీమా సన్నగిల్లుతుంది. లాంగ్ టేక్ ఉత్కంఠకు చేసే అసలు మేలు ఇదే.

3. మూడు సన్నివేశాలు:

3.1. 'టచ్ ఆఫ్ ఈవిల్' ప్రారంభం:

ఈ షాట్ సుమారు మూడు నిమిషాల ఇరవై సెకన్లు సాగుతుంది. మొదట రెండు చేతులు ఒక బాంబు టైమరును తిప్పుతాయి. ఆ మనిషి పరుగెత్తి దానిని ఒక కారు డిక్కీలో పెడతాడు. క్రేన్ మీద కెమెరా పైకి లేస్తుంది. ఏమీ తెలియని ఒక జంట వచ్చి కారెక్కి బయలుదేరుతుంది. వీధిలో వర్గాస్, సూసీ అనే కొత్త దంపతులు నడుస్తూ వస్తారు. కారు వాళ్ళను దాటుతుంది, ట్రాఫిక్ పోలీసు దగ్గర ఆగుతుంది, వెనకబడుతుంది, మళ్ళీ దగ్గరవుతుంది. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర కారు, దంపతులు పక్కపక్కన నిలుస్తారు. కారులోని స్త్రీ తన తలలో టిక్ టిక్ మని శబ్దం వినిపిస్తోందని ఫిర్యాదు చేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కారు ఫ్రేమ్ దాటిపోయాక దంపతులు ముద్దు పెట్టుకోబోతుండగా పేలుడు వినిపిస్తుంది. అప్పుడు వస్తుంది మొదటి కోత.

ఇక్కడ ఉత్కంఠ అంతా కారుకు, దంపతులకు మధ్య ఉన్న దూరంలో ఉంది. ఆ దూరం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కోసి చూపితే, ప్రతి కోత దగ్గరా ప్రేక్షకుడు ఆ దూరాన్ని కొత్తగా అంచనా వేసుకోవాలి. ఇక్కడ ఆ పని లేకుండా దూరాన్ని కళ్ళారా చూస్తాడు.

ఈ షాట్ మరో పాఠం కూడా చెబుతుంది. 1958లో విడుదలైన ప్రతిలో స్టూడియో దీనిపై పేర్లను, హెన్రీ మాన్సినీ నేపథ్య సంగీతాన్ని వేసింది. వెల్స్ రాసిన 58 పేజీల అభ్యంతర పత్రం ఆధారంగా వాల్టర్ మర్చ్ 1998లో చిత్రాన్ని మళ్ళీ కూర్చినప్పుడు పేర్లను తొలగించాడు. సంగీతం బదులు వీధిలోని క్లబ్బుల నుంచి, కారు రేడియో నుంచి వచ్చే ధ్వనులను ఉంచాడు. బొమ్మ అదే, కోత లేకపోవడమూ అదే. కాని రెండవ ప్రతిలో కారు కనిపించనప్పుడు కూడా దాని రేడియో పాటను బట్టి అది ఎంత దగ్గరలో ఉందో చెవికి తెలుస్తుంది. మొదటి ప్రతిలో పేర్లు చదువుతున్న కన్ను బాంబును మరచిపోగలదు. కోత లేకపోయినంత మాత్రాన ఉత్కంఠ పుట్టదు. ప్రమాదం ఎక్కడుందో ప్రేక్షకుడికి నిరంతరం తెలుస్తూ ఉండాలి.

3.2. 'రోప్'లో పెట్టె:

ఇద్దరు యువకులు తమ మిత్రుణ్ణి చంపి శవాన్ని ఒక పెట్టెలో దాచి, ఆ పెట్టెమీదే విందు ఏర్పాటు చేస్తారు. ఫిల్ము రీలు నిడివి అనుమతించినంత వరకు, అంటే ఒక్కొక్కటి గరిష్ఠంగా దాదాపు పది నిమిషాల షాట్లుగా హిచ్‌కాక్ ఈ చిత్రాన్ని తీశాడు. తర్వాతి కాలంలో ఫ్రాంస్వా త్రూఫోతో జరిపిన సంభాషణల్లో, కోత ద్వారా కథ చెప్పాలన్న తన సిద్ధాంతాన్ని తానే కాదన్న ప్రయోగంగా దీనిని తక్కువ చేసి మాట్లాడాడు. చాలా భాగాల విషయంలో ఆ మాట సబబే. సంభాషణలు సాగుతున్నప్పుడు కెమెరా మనుషుల వెంట తిరగడం తప్ప దాని కదలికకు కారణం కనిపించదు.

ఒక్క సన్నివేశం మాత్రం దీనికి భిన్నం. విందు ముగిశాక పనిమనిషి విల్సన్ పెట్టెమీది సామాను తీయడం మొదలుపెడుతుంది. కెమెరా కదలదు. అతిథుల మాటలు ఫ్రేమ్ బయటి నుంచి వినిపిస్తుంటాయి. ఆమె పళ్ళేలు తీసుకొని లోపలికి వెళ్తుంది, వస్తుంది, కొవ్వొత్తులు తీస్తుంది, వెళ్తుంది, వస్తుంది, గుడ్డ తీస్తుంది. పెట్టెలో పెట్టవలసిన పుస్తకాలు తెస్తుంది. మూత ఎత్తబోయే వరకు ఎవరూ ఆమెను గమనించరు.

ఇక్కడ గడియారం లేదు. పెట్టెమీద మిగిలిన సామానే గడియారం. ఆమె ప్రతి రాకపోకతోను ఎంత మిగిలిందో ప్రేక్షకుడు లెక్క పెట్టుకుంటాడు. మధ్యలో మాట్లాడేవారి ముఖాలకు కోసి ఉంటే ఆ లెక్క చెడేది.

3.3. 'నటోరియస్'లో షాంపేన్ సీసాలు:

విందు జరుగుతుండగా నాయిక, ఆమె సహచరుడు నేలమాళిగలోకి దొంగతనంగా వెళ్ళి అక్కడి మద్యం సీసాలను పరిశీలిస్తుంటారు. పైన షాంపేన్ సీసాలు తరిగిపోతున్నాయి. అవి అయిపోతే మరికొన్నిటి కోసం ఇంటి యజమాని కిందికి రావాలి. అప్పుడు వీళ్ళు దొరికిపోతారు. ఇక్కడ కూడా లెక్కించదగిన వస్తువు ఉంది. కాని ప్రమాదం పైన, మనుషులు కింద. మధ్యలో గోడలు, మెట్లు ఉన్నాయి. దానికి తోడు సీసాల సంఖ్య, పేర్లు, పగిలిన సీసా నుంచి రాలిన పొడి వంటి చిన్న వివరాలు కంటికి దగ్గరగా కనిపించాలి. హిచ్‌కాక్ ఈ సన్నివేశాన్ని కోతతోనే నడిపాడు. అదే విందు ప్రారంభంలో మేడపై నుంచి నాయిక గుప్పిట్లోని తాళంచెవి వరకు దిగివచ్చే షాట్‌ను మాత్రం కోయలేదు. జనసమూహానికి, ఆ చిన్న తాళంచెవికి మధ్య సంబంధం ఒకే స్థలంలో ఉంది కనుక. ఒకే దర్శకుడు ఒకే విందులో రెండు నిర్ణయాలు తీసుకున్నాడన్నది గమనించదగిన విషయం.

4. నిర్ణయానికి మూడు ప్రశ్నలు:

పై సన్నివేశాల నుంచి మూడు ప్రశ్నలను రాబట్టవచ్చు. ఒకటి: ప్రమాదం, దాని బారిన పడే మనిషి ఒకే స్థలంలో ఉన్నారా? వారి మధ్య దూరాన్ని కన్నుకో చెవికో ఎడతెగకుండా అందించగలమా? రెండు: ప్రేక్షకుడు లెక్క పెట్టుకోగల కొలమానం ఏదైనా ఉందా? అది టైమరు కావచ్చు, పళ్ళేలు కావచ్చు. మూడు: షాట్ నడుస్తుండగా ప్రేక్షకుడికి చెప్పవలసిన కొత్త వివరాలు కెమెరా బలవంతంగా దగ్గరికి వెళ్ళకుండానే తెలుస్తాయా?

మూడింటికీ అవునంటే లాంగ్ టేక్ కోత కంటే మేలు. మొదటిదానికి కాదంటే, మిగిలిన రెండూ అనుకూలించినా కోతే సరైనది. 'నటోరియస్' నేలమాళిగ అందుకు ఉదాహరణ. రెండవదానికి కాదంటే షాట్ అందంగా సాగవచ్చు కాని బిగువు ఉండదు. 'రోప్'లోని అనేక సంభాషణల స్థితి ఇదే. మూడవదానికి కాదంటే, కెమెరా ఒక వస్తువు మీదికి వెళ్ళి ఆగి వెనక్కి రావలసి వస్తుంది. అప్పుడు ప్రేక్షకుడు ప్రమాదాన్ని వదిలి కెమెరాను గమనిస్తాడు. క్షేమేంద్రుని మాటలో చెప్పాలంటే ఇది ఔచిత్యానికి సంబంధించిన నిర్ణయం. ఏ అలంకారమైనా ఉండవలసిన చోట ఉంటేనే శోభిస్తుంది.

5. రిహార్సల్: ఒక సన్నివేశ నిర్మాణం:

ఈ ప్రమాణాలను పరీక్షించడానికి విద్యార్థులతో ఒక చిన్న సన్నివేశం చేయించాను. సాయంసంధ్య. కోడలు గ్యాస్ పొయ్యి నాబ్ తిప్పి లైటరు నొక్కుతుంది. రెండుసార్లు నొక్కినా వెలగదు. మేడమీద ఆరేసిన బట్టలు తడుస్తున్నాయని ఎవరో కేకేస్తే, నాబ్ మరచి పరుగెత్తుతుంది. హాల్లో జలుబుతో తుమ్ముతున్న నాయనమ్మ ఉంది. ఆమెకు వాసన తెలియదు. కరెంటు పోతుంది. దీపం వెలిగించడానికి ఆమె అగ్గిపెట్టె వెతుకుతుంది. మొదటి పెట్టె ఖాళీ. వంటింటి గుమ్మం పక్కనే ఉన్న దేవుడి గూట్లో రెండవది దొరుకుతుంది. అందులో మూడు పుల్లలు. ఒకటి చెమ్మగిల్లి అంటుకోదు, ఒకటి విరిగిపోతుంది. మూడవది పట్టుకున్నప్పుడు కోడలు మెట్లు దిగివస్తుంది.

మూడు ప్రశ్నలకూ ఇక్కడ అవుననే సమాధానం. పొయ్యికి, అగ్గిపుల్లకు మధ్య ఒక గుమ్మమే ఉంది. మూడు పుల్లలు కొలమానం. జలుబు తుమ్ముతోనే తెలుస్తుంది. ఇక భద్రత కోసం సిలిండరును ముందే ఇంటి నుంచి బయటికి పంపాం. గ్యాస్ శబ్దం తర్వాత చేర్చవలసిందే కనుక, రిహార్సల్‌లో ఒక విద్యార్థి నోటితో ఆ శబ్దం చేస్తూ కూర్చున్నాడు. అది లేకపోతే నటులకు, కెమెరా పట్టుకున్నవారికి వేగం అందలేదు.

5.1. గడియారంతో నడక:

ముందు కెమెరా లేకుండా నడిచాం. నేలపై నటుల స్థానాలను ఒక రంగు టేపుతో, కెమెరా స్థానాలను మరో రంగు టేపుతో గుర్తించి, స్టాప్‌వాచ్ పట్టుకున్నాం. అనుకున్నది రెండున్నర నిమిషాలు. మొదటి నడకకు మూడు నిమిషాలు దాటింది. కోత ఉన్న సన్నివేశంలో ఈ అదనపు సమయాన్ని ఎడిటింగులో తీసేయవచ్చు. ఇక్కడ లయ అంతా నేలమీదే తేలాలి. అందుకే వరుసగా మూడు నడకలు ఐదు సెకన్ల తేడాలోపు వచ్చేవరకు కెమెరాను తీయకూడదని నియమం పెట్టుకున్నాం.

5.2. నిర్జీవ క్షణాల గుర్తింపు:

తర్వాత నడకను ఫోనుతో చిత్రీకరించి రెండుసార్లు చూశాం. ఒకసారి శబ్దం లేకుండా, ఒకసారి బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే. ప్రమాదంగాని, కొలమానంగాని, పాత్ర తీసుకునే నిర్ణయంగాని లేని సెకన్లను నిర్జీవ క్షణాలుగా గుర్తించాం. నాయనమ్మ అవతలి గోడ అల్మరా వరకు నడిచి ఖాళీ అగ్గిపెట్టె తీసే చోట అలాంటివి దాదాపు ఇరవై సెకన్లు దొరికాయి. ఆ సమయంలో వంటింటి గుమ్మం ఫ్రేమ్‌లో లేదు. నటిని వేగంగా నడవమనడం ముసలితనానికి తగదు. కాబట్టి ఖాళీ పెట్టెను అల్మరా నుంచి టీవీ బల్ల మీదికి మార్చాం. నడక తగ్గింది, ఆమె వెనక గుమ్మం కనిపించసాగింది. లాంగ్ టేక్‌లో ఎడిటింగ్ అంటే సామాను జరపడమేనని విద్యార్థులు గ్రహించింది ఇక్కడే.

5.3. చివరి నుంచి మొదటికి:

'టచ్ ఆఫ్ ఈవిల్' షాట్ చిత్రీకరణలో చెక్‌పోస్టు అధికారి పాత్రధారి చివర్లో పదేపదే మాట తప్పాడని, తెల్లవారుతుండడంతో మాట రాకపోతే పెదవులైనా కదిలించమని వెల్స్ చెప్పాడని ప్రసిద్ధి. మూడు నిమిషాల శ్రమ ఒక చిన్న పాత్ర మీద ఆధారపడింది. దీని నుంచి రెండు పాఠాలు తీసుకున్నాం. అనుభవం తక్కువ ఉన్నవారి పని షాట్ మొదట్లోనే ఉండాలి. అక్కడ తప్పు జరిగితే నష్టం కొన్ని సెకన్లే. రెండవది, సన్నివేశాన్ని ఐదు భాగాలు చేసి చివరి భాగం ముందు సాధన చేయాలి. తర్వాత చివరి రెండు, ఆపై చివరి మూడు. మొదటి నుంచి సాధన చేస్తే ప్రారంభం అందరికీ కంఠతా వస్తుంది, ముగింపు ఎప్పుడూ కొత్తగానే మిగులుతుంది. తప్పుకు ఎక్కువ మూల్యం చెల్లించవలసింది మాత్రం ముగింపులోనే.

5.4. కెమెరా, వెలుతురు, పరిమితులు:

కెమెరా పట్టిన విద్యార్థి వెనక్కి నడవాలి కనుక, మరొకరు నడుము పట్టుకొని దారి చూపారు. గుమ్మాల దగ్గర ఇద్దరూ కలిసి పట్టరని మొదటి రోజే తెలిసింది. గుమ్మం ముందు చేయి వదిలి, దాటాక పట్టుకోవడం కూడా సాధనలో భాగమైంది. సంధ్యవెలుగు కొద్దిసేపే ఉంటుంది. దానిని నమ్ముకుంటే రెండు మూడు ప్రయత్నాలకు మించి అవకాశం ఉండదు కనుక కిటికీ బయట దీపం అమర్చాం.

మరో పరిమితి నటనకు సంబంధించినది. అగ్గిపుల్ల విరిగినప్పటి చిరాకు పదోసారి యాంత్రికమవుతుంది. అందువల్ల రిహార్సల్‌లో స్థానాలు, సమయాలు మాత్రమే పూర్తిగా పాటించి, భావప్రకటనను చిత్రీకరణ కోసం దాచుకోమన్నాం. పుల్లలున్న పెట్టె దగ్గరి షాట్‌ను విడిగా కూడా తీసిపెట్టుకున్నాం. దీనిని ఓటమిగా కొందరు విద్యార్థులు భావించారు. నా దృష్టిలో అది నిర్ణయాన్ని చివరిసారిగా పరీక్షించే అవకాశం. కోత వేసిన ప్రతిని, వేయని ప్రతిని పక్కపక్కన చూస్తేనే మనం ఎంచుకున్నది సరైనదో కాదో తెలుస్తుంది.

6. ఫలితం, ముగింపు:

రెండు ప్రతులనూ ఆ సన్నివేశం సంగతి తెలియని మరో తరగతికి చూపాం. కోత లేని ప్రతి చూసినవారు "ఇంకొక్క పుల్లే ఉంది" అన్నారు. దగ్గరి షాట్ చేర్చిన ప్రతిలో పుల్లల సంఖ్య ఇంకా స్పష్టంగా తెలిసింది. కాని ఆ ఆరు సెకన్లు వంటింటి గుమ్మం కనుమరుగై, భయం కొంత సడలిందని పలువురు చెప్పారు. ఒక విద్యార్థి మాత్రం కోత లేని ప్రతి చూసి "కెమెరా గుమ్మం భలే దాటింది మేడమ్" అన్నాడు. ఆ మెచ్చుకోలు మాకు లోపంగానే తోచింది. వెతికితే, గుమ్మం దాటుతున్నప్పుడు కెమెరా చిన్నగా కుదుపుకు లోనైందని తెలిసింది. ప్రేక్షకుడు అగ్గిపుల్లను చూడవలసిన చోట కెమెరాను చూశాడు.

ఒక తరగతి గదిలో జరిగిన ఈ ప్రయత్నం సర్వత్రా వర్తించే సిద్ధాంతానికి చాలదు. అయినా సినీ విమర్శలో ఒక అలవాటును మార్చుకోవడానికి ఇది చాలు. లాంగ్ టేక్‌ను విశ్లేషించే పరిశోధకులు నిమిషాల లెక్కతో ఆగకుండా, ఆ షాట్‌ను కాగితం మీద కోసి చూడాలి. ఏ దూరం తెగిపోతుందో, ఏ లెక్క చెడుతుందో రాయాలి. ఏదీ తెగకపోతే ఆ షాట్ దర్శకుని నేర్పును మాత్రమే చాటుతుంది. సదస్సులో ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సమాధానంగా నేను నా పాత పత్రంలోని షాట్‌ను అలాగే కోసి చూశాను. నాలుగు ముక్కలు చేసినా భయం తగ్గలేదు. ఆ పత్రంలోని ప్రశంసను నేను ఉపసంహరించుకుంటున్నాను.